మార్చిలో చెప్పేది అక్టోబరులోనే రాసిపెట్టండి

దేవ్ దత్ సరిహద్దు రహదారుల సంస్థలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. సూపరింటెండింగ్ ఇంజనీరుగా పదోన్నతి వస్తుందనుకున్న సమయంలో ఆయనకు రాలేదు. ఆ పదోన్నతి రావాలంటే వరుసగా ఐదేళ్ల వార్షిక రహస్య నివేదికల్లో ‘వెరీ గుడ్’ ఉండాలి. 1993-94 నివేదికలో మాత్రం పై అధికారి ‘గుడ్’ అని రాశారు. అది చెడ్డమాట కాదు. చెడ్డమాట కాదు కాబట్టే ఆయనకు ఎవరూ తెలియజేయలేదు, ఎందుకంటే వ్యతిరేక వ్యాఖ్యలు రాసినప్పుడే ఉద్యోగికి చెప్పాలన్నది అప్పటి పద్ధతి. వ్యవహారం కోర్టులు దాటుకుంటూ సుప్రీంకోర్టుకు చేరి, 2008 మే నెలలో తీర్పు వచ్చేసరికి ఆయన రిటైరైపోయారు. నివేదికలో ఏ గ్రేడు రాసినా, అది మంచిదైనా చెడ్డదైనా, ఉద్యోగికి తెలియజేసి తీరాలని కోర్టు చెప్పింది. చెప్పకుండా ఉంచిన గ్రేడు ఆధారంగా ఒకరి పదోన్నతి ఆపడం న్యాయం కాదంది. మరుసటి ఏడాది మేలోనే కేంద్ర సిబ్బంది శాఖ ఉత్తర్వు వెలువడింది: ఇకపై నివేదిక మొత్తాన్ని ఉద్యోగికి చూపించాలి, అభ్యంతరం చెప్పుకోవడానికి పదిహేను రోజులు ఇవ్వాలి. 2013లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం సుఖ్‌దేవ్ సింగ్ కేసులో ఇదే మాటను ఖరారు చేసింది.

ప్రభుత్వోద్యోగులకు ఆ మేరకు రక్షణ దొరికింది. కానీ ఆ ఏర్పాటులో కూడా విషయం తెలిసేది సంవత్సరం ముగిశాకే. అభ్యంతరం రాయవచ్చు, గడిచిన ఏడాదిని మాత్రం మళ్లీ పనిచేసి చూపించలేం. ప్రైవేటు కంపెనీల్లో ఏప్రిల్ నుంచి మార్చి దాకా సాగే అప్రైజల్ సంవత్సరానికి మధ్యలో, సెప్టెంబరు చివర లేదా అక్టోబరులో, మిడ్-ఇయర్ రివ్యూ అని ఒకటి ఉంటుంది. దిద్దుకోవడానికి ఇంకా ఆర్నెల్ల సమయం మిగిలి ఉండే ఘట్టం ఏడాదిలో అదొక్కటే. హైదరాబాదు ఆఫీసుల్లో దాన్ని జరుపుతున్న తీరు చూస్తే బాధగా ఉంటుంది. హెచ్‌ఆర్ నుంచి మూడో రిమైండరు వచ్చాక, పోర్టల్ మూసేసే రోజు రాత్రి, ‘గుడ్ ప్రోగ్రెస్, కీప్ ఇట్ అప్’ అని పదిమందికీ ఒకే వాక్యం అతికించేసి సబ్మిట్ నొక్కేస్తారు. మార్చిలో అదే మేనేజరు అదే మనిషికి సగటు కన్నా తక్కువ రేటింగు ఇస్తాడు. ఆ మనిషి అక్టోబరు వాక్యం తీసి చూపించి ‘అప్పుడేం చెప్పలేదు కదా సార్’ అంటే జవాబుండదు.

ఆ నోట్ ఎలా రాస్తే మార్చి గదిలో కొత్త సంగతంటూ ఏదీ బయటపడదో ఒక ఉదాహరణ పట్టుకుని చూద్దాం. ఇందులో మనుషులు, అంకెలు ఊహించినవే. హైదరాబాదు శివార్లలో ఒక మందుల కంపెనీ, దాని క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్. పదకొండుమంది అనలిస్టులు, వాళ్లపైన ఒక సెక్షన్ హెడ్. అనలిస్టుల్లో ఒకమ్మాయిని శ్రావణి అనుకుందాం. ఆమెకు నాలుగేళ్ల అనుభవం. తయారైన మాత్రల శాంపిళ్లు వస్తే, వాటిలో మందు ఎంత ఉందో హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద కొలిచి రిపోర్టు రాయడం ఆమె పని. రాసిన రిపోర్టును ఇంకొకరు తనిఖీ చేస్తారు. అందులో ఏ కాగితం లోపించినా, ఏ నమోదు తప్పినా వెనక్కి పంపుతారు.

ఏప్రిల్‌లో ఆమెకు మూడు లక్ష్యాలు ఇచ్చారు. శాంపిల్ వచ్చిన ఐదు పనిదినాల్లో ఫలితం ఇవ్వడం, నూటికి తొంభై శాంపిళ్లకైనా అలా ఇవ్వగలగడం మొదటిది. తనిఖీ నుంచి తిరిగొచ్చే రిపోర్టులు నూటికి ఐదు దాటకుండా చూసుకోవడం రెండోది. మాత్ర నీటిలో ఎంత వేగంగా కరుగుతుందో చూసే డిసొల్యూషన్ పరీక్షను సెప్టెంబరు చివరికల్లా ఒంటరిగా చేయగలిగేలా అర్హత సాధించడం మూడోది.

సాధారణంగా ఇలాంటి అమ్మాయి గురించి రాసే నోట్ ఇలా ఉంటుంది: ‘శ్రావణి కష్టపడి పనిచేస్తుంది. టీమ్‌తో బాగా కలిసిపోతుంది. డాక్యుమెంటేషన్‌పై ఇంకాస్త శ్రద్ధ పెట్టాలి. భవిష్యత్తు బాగుంటుంది.’ ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ మధ్య వాక్యం హెచ్చరికా, మాటవరుసకు అన్నదా? సెక్షన్ హెడ్ మనసులో అది హెచ్చరికే. ఆమె చదువుకున్నది మాత్రం మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం. మన ఆఫీసుల్లో ముఖాముఖి మాట్లాడేటప్పుడు ఇది మరీ ఎక్కువ. ఎదుటి మనిషి నొచ్చుకోకూడదని ‘ఆ రిపోర్టుల సంగతి కొంచెం చూసుకోమ్మా’ అని మెత్తగా అంటాం. అందులోని మర్యాద వినేవాళ్లకు అందుతుంది, హెచ్చరిక అందదు. ఫారంలో మాత్రం అదే సంగతి గట్టి మాటలతో ఎక్కుతుంది. ఆర్నెల్ల తర్వాత జరిగే గొడవ చాలావరకు ఈ తేడా నుంచే పుడుతుంది.

మంచి నోట్ రాయడానికి ముందు చేయాల్సిన పని లెక్క తీయడం. అక్టోబరు మొదటి వారంలో సెక్షన్ హెడ్ శాంపిల్ రిజిస్టరు, తనిఖీ రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాడనుకుందాం. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా శ్రావణి 80 శాంపిళ్లు చేసింది. 70 సకాలంలో ఇచ్చింది, 10 ఆలస్యమయ్యాయి. అంటే 87.5 శాతం, లక్ష్యానికి కాస్త తక్కువ. ఇక్కడితో ఆగితే ‘లక్ష్యం అందలేదు’ అని రాసేయాలి. కానీ ఆ పదింటి తేదీలు చూస్తే ఆరు ఆలస్యాలు జూన్ నెలలోనే ఉన్నాయి. హెచ్‌పీఎల్‌సీకి అవసరమైన కాలమ్ సరఫరా ఆలస్యమై, ల్యాబ్‌లో అందరి పనీ ఆగిన రోజులవి. ఆ ఆరింటినీ పక్కన పెడితే 74లో 70, దాదాపు 95 శాతం. ఇది మెచ్చుకోవలసిన పని.

తిరిగొచ్చిన రిపోర్టులు 80లో తొమ్మిది. నూటికి పదకొండు, అనుమతించిన దానికి రెట్టింపు కన్నా ఎక్కువ. వీటి తేదీలూ చూడాలి. ఏప్రిల్ నుంచి జూలై దాకా చేసిన 52లో తిరిగొచ్చినవి రెండే. ఆగస్టు, సెప్టెంబరుల్లో చేసిన 28లో ఏడు. ఆ ఏడింటిలో ఐదింటికి కారణం ఒకటే: తూకం యంత్రం ఇచ్చిన స్లిప్పు జతచేయలేదు, లేదా కాలమ్ వాడిన సంగతి పని జరిగిన వెంటనే లాగ్‌బుక్‌లో రాయకుండా తర్వాత రాసింది. మందుల ల్యాబుల్లో ఇది తేలిగ్గా తీసుకునే పొరపాటు కాదు. పని జరిగిన సమయానే నమోదు జరగాలన్నది తనిఖీకి వచ్చే ఏ అధికారి అయినా మొదట చూసే నియమం. మరి నాలుగేళ్లుగా సరిగ్గా చేస్తున్న మనిషి ఆగస్టులో ఎందుకు తప్పింది? రోస్టరు తీస్తే తెలుస్తుంది. ఆగస్టు మొదటి వారం నుంచి ఆమెను రెండో షిఫ్టుకు మార్చి, కొత్తగా చేరిన ఇద్దరికి పని నేర్పమన్నారు. ఆ నిర్ణయం సెక్షన్ హెడ్‌దే.

ఇలా లెక్క తీయకుండా రాసే నోట్‌కు విలువ లేదని నా గట్టి నమ్మకం. ఒక్కో మనిషికి గంట, గంటన్నర పడుతుంది. ‘అంత టైమెక్కడిది’ అనే మేనేజర్లకు నిజంగానే టైముండదు, కానీ ఆ టైము తినేసేది ఆరు నెలల సంగతుల్ని ఒకేసారి గుర్తు తెచ్చుకోవాలని చూడడమే. 1954లో జాన్ ఫ్లానగన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పనిలో జరిగే కీలక ఘటనల్ని నమోదు చేసే పద్ధతి గురించి ఒక వ్యాసం ప్రచురించారు. అందులో ఒక ఫ్యాక్టరీ ఫోర్‌మన్ల సంగతి ఉంది. కొందరిని తమ కింది కార్మికుల పనిలో గమనించిన ఘటనలు ఏ రోజుకారోజు రాయమన్నారు, కొందరిని వారానికోసారి, ఇంకొందరిని రెండు వారాలకోసారి. రోజూ రాసినవాళ్లతో పోలిస్తే వారానికోసారి రాసినవాళ్ల దగ్గర సుమారు సగం ఘటనలే తేలాయి. రెండు వారాలు ఆగినవాళ్ల దగ్గర ఐదింట ఒక వంతే మిగిలాయి. రెండు వారాలకే అంత పోతే ఆర్నెల్లకు మిగిలేవి ఏవి? నిన్న మొన్న జరిగినవి, కోపం తెప్పించినవి. అందుకే మనిషికో పేజీ పెట్టుకుని, వారానికో పది నిమిషాలు, తేదీతో రెండేసి వాక్యాలు రాసుకునే మేనేజరుకు అక్టోబరు పెద్ద భారం కాదు. రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త. ‘నిర్లక్ష్యం’, ‘బాధ్యతారాహిత్యం’ లాంటివి రాసుకోకూడదు, జరిగింది రాసుకోవాలి. ‘ఆగస్టు 19, రెండో షిఫ్టు, తూకం స్లిప్పు లేదు, రిపోర్టు వెనక్కి వచ్చింది’ అన్నది నెలలు గడిచాక కూడా అర్థమవుతుంది. ‘నిర్లక్ష్యం’ అన్న మాటను రాసినవాళ్లే తర్వాత దేని గురించి రాశామో చెప్పలేరు.

ఇప్పుడు ఆ నోట్ ఎలా ఉండాలి? కంపెనీలో ఇంగ్లీషులో రాసేదాన్ని ఇక్కడ తెలుగులో పెడుతున్నాను.

‘కాలమ్ లేక ఆగిన ఆరు శాంపిళ్లు పోగా, 74లో 70 సకాలంలో వచ్చాయి. ఈ లక్ష్యం అందింది. సంవత్సరాంతంలో కూడా ఆ ఆరింటినీ లెక్కలోకి తీసుకోను. డిసొల్యూషన్ పరీక్షలో శిక్షణ పూర్తయింది, యంత్రం అర్హత పరీక్షల్లో ఉండడం వల్ల ఒంటరిగా చేసే అవకాశం రాలేదు. గడువును డిసెంబరు 31కి మారుస్తున్నాను. రిపోర్టుల విషయంలో లక్ష్యం అందలేదు: 80లో తొమ్మిది తిరిగొచ్చాయి, వాటిలో ఏడు ఆగస్టు తర్వాతవి, ఆ ఏడింటిలో ఐదు తూకం స్లిప్పు, లాగ్‌బుక్ నమోదుకు సంబంధించినవి. ఆగస్టులో షిఫ్టు మార్పు, ఇద్దరు కొత్తవాళ్ల శిక్షణ రెండూ ఒకేసారి అప్పగించాను. అక్టోబరు 20 నుంచి ఆ ఇద్దరిలో ఒకరిని జనరల్ షిఫ్టుకు పంపుతాను. రిపోర్టు తనిఖీకి పంపేముందు స్లిప్పు, లాగ్‌బుక్ రెండూ చూసుకోవడం మీ బాధ్యత. ఈ రోజే సంవత్సరం ముగిస్తే మిమ్మల్ని “అంచనాలకు తగినట్టు” అనే గ్రేడుకు ప్రతిపాదిస్తాను, దాని పై గ్రేడుకు ప్రతిపాదించలేను. అందుకు కారణం రిపోర్టులే. జనవరి రెండో వారంలో ఈ ఒక్క విషయాన్నే మళ్లీ చూద్దాం.’

అర పేజీ కూడా లేదు. ఇందులో శ్రావణి మంచితనం గురించి గానీ, కష్టపడే తత్వం గురించి గానీ ఒక్క మాటా లేదు, అయినా చదివితే గౌరవంగానే ఉంటుంది. ఎందుకంటే తన ఆర్నెల్ల పనిని ఎవరో కూర్చుని నిజంగా చూశారని ఆమెకు తెలుస్తుంది. మేనేజరు తన వంతు తప్పును తనే రాసుకోవడం కూడా ముఖ్యమే. షిఫ్టు సంగతి నోట్‌లో లేకపోతే ఆమె దాన్ని మార్చిలో ఎత్తుతుంది, అప్పుడది సాకులా వినిపిస్తుంది. అక్టోబరులో రాసి ఉంటే అది ఇద్దరూ ఒప్పుకున్న పరిస్థితి.

‘ఈ రోజే సంవత్సరం ముగిస్తే’ అనే వాక్యం దగ్గర చాలామంది మేనేజర్లు వెనకాడతారు. ముందే గ్రేడు చెప్పేస్తే మాటిచ్చినట్టవుతుందని భయం. హెచ్‌ఆర్‌వాళ్లు కూడా మిడ్-ఇయర్‌లో రేటింగు ఎత్తొద్దని సలహా ఇస్తుంటారు, మనుషులు ఆ ముక్క విని తక్కినదంతా వినడం మానేస్తారని. ఆ వాదనలో నిజం ఉంది. అయినా ఈ వాక్యం లేని నోట్ నాకు అసంపూర్తిగానే కనిపిస్తుంది. తప్పులు, ఒప్పులు వివరంగా రాసి, వాటి బరువెంతో చెప్పకపోతే, చదివేవాళ్లు తమకు అనుకూలమైన బరువు వేసుకుంటారు. తొమ్మిది రిపోర్టులు తిరిగొచ్చాయని శ్రావణికి ముందే తెలుసు. ఆ తొమ్మిది తన గ్రేడును ఆపుతాయని మాత్రం తెలియదు. అంకెలు వాడొద్దని కంపెనీ నియమం ఉంటే ‘ప్రస్తుతం లక్ష్యానికి తగినట్టు, అంతకు మించి కాదు’ అని మాటల్లో చెప్పవచ్చు.

ఈ ఉదాహరణలో ఇంకో చిక్కు ఉంది, అనుభవమున్న మేనేజర్లు కూడా దాన్ని దాటిపోతారు. శ్రావణికి ఏడాది మొత్తంలో సుమారు 170 రిపోర్టులు వస్తాయనుకుందాం. అందులో ఐదు శాతం అంటే ఎనిమిది. అక్టోబరుకే తొమ్మిది తిరిగొచ్చాయి. అంటే మిగిలిన ఆర్నెల్లు ఒక్క రిపోర్టూ వెనక్కి రాకుండా పనిచేసినా, ఏడాది లెక్కలో ఆమె లక్ష్యం తప్పినట్టే. ఈ సంగతి అక్టోబరులో ఎవరూ గమనించకపోతే ఏమవుతుంది? ఆమె నోట్ చదివి, పట్టుదలగా దిద్దుకుంటుంది. రెండో సగంలో 90కి నాలుగే తిరిగొస్తాయి, నాలుగున్నర శాతం లోపు. మార్చిలో సంతోషంగా వస్తుంది. పోర్టల్ మాత్రం 170కి 13 అని, ఏడున్నర శాతం దాటిందని, లక్ష్యం అందలేదని చూపిస్తుంది. నోట్ రాసి, మాట్లాడి, దిద్దించి కూడా చివరికి ఆమెను దెబ్బతీసినట్టే.

కాబట్టి నోట్ రాసేటప్పుడు ప్రతి అంకె లక్ష్యానికీ ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇప్పటినుంచి అంతా సరిగ్గా జరిగితే ఇది అందుతుందా? అందదని తేలితే దేన్నిబట్టి చూస్తారో అక్టోబరులోనే తేల్చి రాయాలి. మన సెక్షన్ హెడ్ ఇంకో రెండు వాక్యాలు చేర్చాలి: ‘ఏడాది మొత్తం లెక్కలో ఈ లక్ష్యం ఇక అందదు. అక్టోబరు నుంచి మార్చి వరకు తిరిగొచ్చేవి ఐదు శాతం లోపు ఉంటే, రిపోర్టుల కారణంగా మీ గ్రేడు తగ్గించమని నేను కోరను.’ ఇది రాసేముందు తన పై అధికారితో, హెచ్‌ఆర్‌తో మాట్లాడుకోవాలి. తన చేతిలో లేనిది రాసిస్తే మొదటికే మోసం వస్తుంది.

చేతిలో లేనివి నిజంగానే కొన్ని ఉంటాయి. చాలా కంపెనీల్లో మేనేజరు ఇచ్చే రేటింగు ప్రతిపాదన మాత్రమే. మార్చి, ఏప్రిల్ నెలల్లో విభాగాధిపతులంతా కూర్చుని ఎవరి టీమ్‌లో ఎంతమందికి ఏ గ్రేడు అని సర్దుతారు. నార్మలైజేషన్ అనండి, క్యాలిబ్రేషన్ అనండి, బెల్ కర్వ్ అని ఉద్యోగులు తిట్టుకునేది దీన్నే. నోట్ ఎంత బాగా రాసినా ఆ గదిలో గ్రేడు ఒక మెట్టు దిగవచ్చు. జీతం పెంపు శాతం కంపెనీ బడ్జెట్‌ను బట్టి ఉంటుంది, దానికి నోట్‌తో సంబంధమే లేదు. ఈ సంగతి ఉద్యోగికి అక్టోబరులోనే సూటిగా చెప్పాలి: ‘నేను ప్రతిపాదించేది ఇది, తుది నిర్ణయం ఫలానా సమావేశంలో జరుగుతుంది.’ అలా చెప్పాక గ్రేడు మారితే బాధ ఉంటుంది, మోసపోయామన్న భావన ఉండదు. ఇంకో సంగతి. ఆ గదిలో అందరూ తమ టీమ్ గురించి బాగానే మాట్లాడతారు. ‘షిఫ్టు మార్పు తర్వాత ఏడు తిరిగొచ్చాయి, అక్టోబరులో రాసి చెప్పాను, తర్వాతి ఆర్నెల్లలో 90కి నాలుగే వచ్చాయి’ అని కాగితం చూసి చెప్పగలిగినవాళ్లు, ‘ఈ అమ్మాయి చాలా సిన్సియర్ సార్’ అనేవాళ్ల కన్నా గట్టిగా నిలబడగలరు.

నోట్‌ను ఎప్పుడు ఇవ్వాలన్నది కూడా తేల్చుకోవాలి. మాట్లాడిన తర్వాత పోర్టల్‌లో పెట్టేస్తే అది తీర్పు అవుతుంది. సమావేశానికి రెండు రోజుల ముందు చిత్తుప్రతిగా పంపితే ఆమె తన రిజిస్టర్లు చూసుకుని రాగలదు. శ్రావణి వచ్చి, ‘సార్, తొమ్మిదిలో రెండు రిపోర్టులు నావి కావు. కొత్తబ్బాయి రాసినవి, నేర్పేది నేను కాబట్టి నా పేరు మీద వెళ్లాయి’ అందనుకోండి. అది నిజమైతే లెక్క దిద్దాలి, కాకపోతే ఎందుకు కాదో అప్పుడే చెప్పాలి. ముప్పై, నలభై నిమిషాలు చాలు. మొదట మాట్లాడాల్సింది ఆమె. తర్వాత తుది ప్రతిలో ఆమె మాటలు ఆమె రాసినట్టే చేరాలి, మేనేజరు సారాంశం రాయకూడదు. పోర్టల్‌లో ‘అక్నాలెడ్జ్’ నొక్కితే చదివానని అర్థం, ఒప్పుకున్నానని కాదు. ఆ తేడా ఉద్యోగికి చెప్పడం మేనేజరు ధర్మం. ఒప్పుకోని అంశం ఉంటే ఆ కిందే అభ్యంతరం రాయమనాలి.

రాయకూడనివి కూడా ఉన్నాయి. ఆరోగ్యం, గర్భం, ఇంటి సమస్యలు పనితీరు నోట్‌లోకి రాకూడదు. మే నెలలో ఆమె నాన్నగారి ఆపరేషన్‌కు సెలవు పెట్టిందని తెలిసినా, ఆ సెలవు మంజూరైనదే. ‘వ్యక్తిగత కారణాల వల్ల దృష్టి తగ్గింది’ అని సానుభూతితో రాసినా, రెండేళ్ల తర్వాత చదివే కొత్త మేనేజరుకు ఆమె మీద ఒక అనుమానం మిగులుతుంది. ప్రసూతి సెలవులో ఉన్నవాళ్లకైతే పనిచేసిన నెలల లెక్క మాత్రమే తీసి, లక్ష్యాలను ఆ మేరకు తగ్గించి రాయాలి. మూడో మనిషి చెప్పిన ఫిర్యాదు కూడా అంతే: ఉద్యోగితో ముందు మాట్లాడని ఏ ఆరోపణా నోట్‌లో మొదటిసారి కనిపించకూడదు.

ఇక్కడ నేనొక కఠినమైన నియమం పాటించమంటాను. మొదటి సగంలో జరిగి, అక్టోబరు నోట్‌లో లేని తప్పును మార్చిలో రేటింగు తగ్గించడానికి వాడకూడదు. మేనేజరుకు అప్పుడు తెలియని తీవ్రమైన విషయం, ఉదాహరణకు లెక్కల్లో మోసం, తర్వాత బయటపడితే అది వేరు, దానికి విచారణ ఉంటుంది. మామూలు లోపాలకు మాత్రం ఈ గీత ఉండాలి. దీనివల్ల మేనేజరు అక్టోబరులో బద్ధకించలేడు. ఉద్యోగికి కూడా నోట్‌లో ఉన్నదే మొత్తం అన్న ధైర్యం ఉంటుంది. రెండో సగంలో మొదలయ్యే లోపాలకు జనవరి పేజీ ఉంది. జనవరి సమీక్షలో పూర్తి నోట్ అక్కర్లేదు: తిరిగొచ్చిన రిపోర్టులు ఎన్ని, డిసొల్యూషన్ అర్హత వచ్చిందా, కొత్తగా ఏమైనా ఉందా, మూడు వాక్యాలు, తేదీ.

నోట్ పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ఫిబ్రవరిలో, స్వీయ మదింపు ఫారం ఇంకా తెరవకముందే, తనకు ఏ గ్రేడు వస్తుందనుకుంటోందో, ఎందుకో రెండు వాక్యాల్లో రాయమని ఉద్యోగిని అడగాలి. మేనేజరు తన అంచనా విడిగా రాసుకోవాలి. రెండూ ఒకటే అయితే మార్చి సమావేశం తేలికగా సాగుతుంది. గ్రేడు ఒకటే అయినా కారణాలు వేరైతే, ఆమె రిపోర్టులనీ ఆయన ఆలస్యాలనీ రాస్తే, అక్టోబరు నోట్ అర్థం కాలేదన్నమాట. ఒక మెట్టు తేడా ఉంటే ఇంకా నెల సమయం ఉంది, కూర్చుని మాట్లాడవచ్చు. టీమ్‌లో ముగ్గురు, నలుగురి విషయంలో ఒకేలా తేడా వస్తే లోపం నోట్ రాసినవారిది.

ఇంకో పరీక్ష అనుకోకుండా వస్తుంది. సెక్షన్ హెడ్ డిసెంబరులో బదిలీ అయినా, వేరే కంపెనీకి వెళ్లినా, మార్చిలో రేటింగు ఇచ్చేది ఆమెతో మూడు నెలలు మాత్రమే పనిచేసిన మనిషి. ‘గుడ్ ప్రోగ్రెస్’ అని ఉన్న పేజీతో ఆయన చేయగలిగింది ఏమీ లేదు. ఆరు శాంపిళ్లను లెక్కలోకి తీసుకోనని, రెండో సగాన్నిబట్టి చూస్తానని రాసి ఉన్న పేజీ అయితే, పాత మేనేజరు ఇచ్చిన మాట కొత్త మేనేజరు చేతికి చేరుతుంది. వెళ్లిపోయేవాళ్లు చివరి వారంలో ఈ పేజీలను తాజా చేసి అప్పగించాలి. అప్పగించకపోతే ఉద్యోగే అడగాలి.

అసలు మిడ్-ఇయర్ పద్ధతే లేని చిన్న కంపెనీలు, ఆసుపత్రులు, స్కూళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. పద్ధతి ఉన్నా మేనేజరు రాయని చోట్లు ఇంకా ఎక్కువ. అలాంటి చోట మొదలుపెట్టాల్సింది ఉద్యోగి. అక్టోబరులో ఒక అరగంట మాట్లాడదామని అడిగి, మాట్లాడిన సాయంత్రమే మెయిల్ రాయాలి. సంజాయిషీ ధోరణిలో వద్దు, నిలదీసినట్టూ వద్దు. ఇలా సరిపోతుంది: ‘నమస్తే సార్. ఈ రోజు మనం మాట్లాడుకున్నది నాకు అర్థమైనంత వరకు ఇది. శాంపిళ్ల గడువు విషయంలో బాగానే ఉన్నాను. రిపోర్టులు తిరిగి రావడం తగ్గించాలి, మార్చిలో చూసేటప్పుడు అక్టోబరు తర్వాతి లెక్క తీసుకుంటానన్నారు. డిసొల్యూషన్ గడువు డిసెంబరు 31. నేను పొరపాటుగా అర్థం చేసుకున్నది ఏమైనా ఉంటే దయచేసి చెప్పండి.’ అంకెలు ఉన్నచోట అంకెలు, తేదీలు ఉన్నచోట తేదీలు రాయాలి. ఆఫీసు మెయిల్ నుంచే పంపాలి, వాట్సాప్‌లో కాదు, ఎందుకంటే ఫోన్ మారితే అది పోతుంది, బదిలీ అయిన మేనేజరు స్థానంలో వచ్చినవారికి దాన్ని పంపడమూ కష్టం. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టేనని అనుకోవద్దు. జనవరిలో అదే మెయిల్‌కు జవాబుగా, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఎన్ని రిపోర్టులు చేశారో, ఎన్ని తిరిగొచ్చాయో ఒక వాక్యం చేర్చి మళ్లీ పంపాలి. అప్పటికీ జవాబు రాకపోతే ఎదురుగా వెళ్లి, ‘సార్, ఆ మెయిల్‌లో రాసింది సరేనా?’ అని అడిగి, ఆయన చెప్పిన జవాబును, ఆ రోజు తేదీని అదే మెయిల్ కింద రాసి పంపాలి.